జంపఖానాల ప్రచారం, పది నిమిషాల ప్రసంగం

ప్రశ్న: మేము హనుమకొండలో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్న నలుగురం. వరంగల్ కొత్తవాడ నేతన్నల దగ్గర మూడడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవున్న జంపఖానాలను 420 రూపాయలకు తీసుకుని, హాస్టళ్లలో, అద్దె గదుల్లో ఉండే విద్యార్థులకు 650కి అమ్ముతున్నాం. ప్యాకింగుకు, ఇంటికి చేర్చడానికి ఒక్కోదానికి 40 అవుతుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో ఆరు రీల్స్ పెట్టాం. మగ్గం మీద నేస్తున్న రీల్‌కు 4,100 వ్యూస్, మిగతా ఐదింటికి తలా 700 వరకు వచ్చాయి. అవి చూసి వాట్సాప్‌లో అడిగినవాళ్లు 92 మంది, కొన్నవాళ్లు 23 మంది. వచ్చే నెల మా కాలేజీ ఇంక్యుబేషన్ సెల్ ముందు ఆరు వారాల సోషల్ మీడియా ప్రచారం గురించి పది నిమిషాలు మాట్లాడి 15,000 రూపాయలు అడగాలి. అందులో 8,000 యాడ్స్‌కు. వారానికి రెండు రీల్స్ పెట్టి 10,000 మంది ఫాలోవర్లను తెచ్చుకోవాలని, 60 జంపఖానాలు అమ్మాలని లక్ష్యం. 1,300 మాటల స్క్రిప్ట్ రాసి నలుగురం సమానంగా పంచుకున్నాం. గదిలో చదివితే పది నిమిషాల్లోనే అవుతోంది, కానీ వినేవాళ్లకు అతుకులబొంతలాగా ఉందట. స్క్రిప్ట్ జతచేస్తున్నాం. ఎట్లా మార్చాలి? తెలుగులో మాట్లాడాలా, ఇంగ్లీషులోనా?
— నలుగురు విద్యార్థులు, హనుమకొండ

సమాధానం: మీ స్క్రిప్ట్‌ను రెండుసార్లు చదివాను. మాటల్లో పెద్ద లోపం లేదు. చిక్కంతా అది ఏ నిర్ణయం కోసం రాసిందో తెలియకపోవడంలో ఉంది. మొదటి రెండు నిమిషాలు కాకతీయుల వైభవానికి, ఆ తరువాతి నిమిషంన్నర సోషల్ మీడియా ఎంత శక్తిమంతమైనదో చెప్పడానికి పోయాయి. డబ్బు సంగతి చివరి అరనిమిషంలో, నాలుగో వ్యక్తి నోట, హడావుడిగా వచ్చింది. ఇంక్యుబేషన్ సెల్‌లో కూర్చునేవాళ్లు మీ స్టార్టప్ మంచిదా కాదా అని ఆ రోజు తేల్చరు. ఈ ప్రచారానికి ఇంత డబ్బు ఇవ్వాలా వద్దా అన్నదొక్కటే వాళ్ల ముందున్న ప్రశ్న. కాబట్టి ప్రసంగంలో అన్నిటికంటే చివర పలికే వాక్యాన్ని, అంటే ఎంత అడుగుతున్నారు, దాంతో ఏమి జరుగుతుంది, జరగకపోతే ఏమి చేస్తారు అన్న వాక్యాన్ని, ముందుగా రాసుకోండి. దానికి పనికిరాని పేరా ఎంత బాగున్నా స్క్రిప్ట్‌లో ఉండనవసరం లేదు.

ఆ చివరి వాక్యం రాయడానికి కూర్చుంటే మీ లెక్క నిలవదని మీకే తెలుస్తుంది. అందుకే మాటల కంటే ముందు లెక్క చూద్దాం.

ఆరు రీల్స్‌కు కలిపి మీకు సుమారు 7,600 వ్యూస్ వచ్చాయి, 92 మంది అడిగారు. అంటే దాదాపు 83 వ్యూస్‌కు ఒకరు అడిగారు, అడిగిన ప్రతి నలుగురిలో ఒకరు కొన్నారు. ఇవి మీ సొంత అంకెలు కాబట్టి ఎవరి ముందైనా ధైర్యంగా చెప్పవచ్చు. ఇక రాబోయే ఆరు వారాల్లో వారానికి రెండు చొప్పున 12 రీల్స్ పెడతారు. వాటిలో మగ్గం రీల్ లాంటిది మళ్లీ ఒకటి వస్తుందని అనుకోవడం న్యాయమే గానీ, దాన్ని లెక్కలోకి తీసుకోవడం న్యాయం కాదు. ఒక్కోదానికి 700 చొప్పున 8,400 వ్యూస్, వాటి నుంచి సుమారు వంద మంది అడగడం, పాతిక అమ్మకాలు: ఖర్చు లేకుండా రీల్స్ తెచ్చేది ఇంతే. మీ లక్ష్యం 60 కనుక మిగిలిన 35 అమ్మకాలను 8,000 రూపాయల యాడ్స్ తేవాలి. 8,000ను 35తో భాగిస్తే ఒక్కో అమ్మకానికి యాడ్ ఖర్చు దాదాపు 229 రూపాయలు. మీకు ఒక్కో జంపఖానా మీద మిగిలేది 650 లోంచి 420, 40 పోగా 190 మాత్రమే. యాడ్ ద్వారా అమ్మే ప్రతి జంపఖానాకు మీరు చేతి నుంచి 39 రూపాయలు వేసుకోవాలి. ఎదురుగా కూర్చున్నవారిలో ఒక్కరు వ్యాపారం చేసినవారున్నా, ఈ భాగహారం మీరు మాట్లాడుతుండగానే వాళ్ల మనసులో అయిపోతుంది. తరువాత మీరు ఏమి చెప్పినా వాళ్లు వినరు.

దీన్ని సరిచేయడానికి మార్గం అడిగే మొత్తాన్ని తగ్గించడమే. నలుగురు అడిగితే ఒకరు కొంటున్నారు, ఒక అమ్మకం మీద 190 మిగులుతోంది కనుక, ఒకరు అడిగేలా చేయడానికి యాడ్ మీద మీరు పెట్టగలిగిన గరిష్ఠ మొత్తం 47 రూపాయల 50 పైసలు. అంతకు మించితే నష్టం. 40 రూపాయలకు ఒకరు చొప్పున అడుగుతారనుకుంటే, 3,200 రూపాయలకు 80 మంది అడుగుతారు, 20 మంది కొంటారు. రీల్స్ తెచ్చే 25తో కలిపి 45 అమ్మకాలు. మిగతా ఖర్చులు కూడా మీ స్థాయికి తగినట్లు రాసుకోవచ్చు: రెండు హాస్టళ్ల రీడింగ్ రూముల్లో పరచడానికి రెండు జంపఖానాలు 840, క్యూఆర్ కోడ్ ఉన్న పోస్టర్లు 360, కొత్తవాడకు చిత్రీకరణకు వెళ్లిరావడానికి ఆటో 600. మొత్తం 5,000 రూపాయలు. 45 జంపఖానాల మీద మిగిలేది 8,550. పదిహేను వేలు అడిగి నష్టం చూపించడం కంటే ఐదు వేలు అడిగి తిరిగొచ్చేదాన్ని చూపించడం మేలు. సెల్ వాళ్లకు మంజూరు చేయడం కూడా సులువు.

పది వేల మంది ఫాలోవర్ల లక్ష్యాన్ని పూర్తిగా తీసేయండి. మీ స్క్రిప్ట్‌లో ఆ అంకె ఐదుసార్లు వచ్చింది. ఎక్కడో దూరాన ఉన్న ఫాలోవర్ మీ జంపఖానా కొనడు, కొన్నా 40 రూపాయలతో చేర్చలేరు. నయీంనగర్, సుబేదారి, కాజీపేటల్లో గది తీసుకున్న విద్యార్థులు ఎంతమంది అడిగారన్నదే మీకు కావలసిన కొలత.

ఇప్పుడు నిడివి. తెలుగు మాట ఇంగ్లీషు మాట కంటే పొడవు, విభక్తులు అతుక్కుని వస్తాయి. సభలో, వినేవారికి అందేలా చెప్పాలంటే నిమిషానికి తొంభై నుంచి వంద మాటల కంటే ఎక్కువ పలకలేం. గదిలో కూర్చుని చదివినప్పుడు 1,300 మాటలు పది నిమిషాల్లో అయ్యాయంటే, మీరు ఎవరికీ చెప్పడం లేదు, కళ్లతో పరిగెత్తుతున్నారని అర్థం. మనిషి మారడానికి, స్లైడ్ మారడానికి, ఒక అంకె చెప్పి ఆగడానికి కూడా సమయం పోతుంది. పది నిమిషాల్లో తొమ్మిది నిమిషాలకే రాయండి, అంటే సుమారు 800 మాటలు. ఇంకో చిన్న సంగతి: స్క్రిప్ట్‌లో అంకెలను అక్షరాల్లో రాసుకోండి. స్లైడ్ మీద 8,550 అని ఉంటే చాలు గానీ, చేతిలోని కాగితం మీద ‘ఎనిమిది వేల ఐదు వందల యాభై’ అని ఉండాలి. అంకెల దగ్గరే చాలామంది తడబడతారు. పైగా ఒక్క అంకెగా లెక్కపెట్టింది పలకబోతే ఐదు మాటలవుతుంది, అక్కడా నిడివి తప్పుతుంది.

నలుగురూ సమానంగా మాట్లాడాలన్న నియమం ఎక్కడా లేకపోతే దాన్ని వదిలేయండి. అతుకులబొంతలా ఉండటానికి కారణం అదే. స్లైడ్లను నాలుగు భాగాలు చేసి పంచుకున్నారు కాబట్టి, ఒకే విషయం మధ్యలో తెగి ఇంకొకరి నోటికి వెళ్లింది. దాని బదులు ఒక్కొక్కరికి ఒక్కో ప్రశ్న ఇవ్వండి. ఎవరు కొంటారు, ఎందుకు అన్నది మొదటివారికి రెండు నిమిషాలు. ప్రచారంలో ఏమి చూపిస్తాం అన్నది రెండోవారికి మూడు నిమిషాలు. లెక్క ఎట్లా తేలుతుంది అన్నది మూడోవారికి రెండున్నర నిమిషాలు. ఏమి అడుగుతున్నాం అన్నది నాలుగోవారికి నిమిషంన్నర. సభాపిరికితనం ఎక్కువ ఉన్నవారికి చివరి భాగం ఇవ్వండి. అది పొట్టిది, కంఠతా పట్టదగ్గది. లెక్కల భాగం మాత్రం నిజంగా లెక్క వేసినవారికే ఇవ్వాలి. ఎందుకంటే తరువాత వచ్చే ప్రశ్నలన్నీ వారి వైపే తిరుగుతాయి.

మొదటివారి భాగం ఇట్లా మొదలుకావచ్చు. ‘గౌరవనీయులైన’ అంటూ మొదలయ్యే పలకరింపు ఒక్క వాక్యానికి మించకుండా, నలుగురి పేర్లు స్లైడ్ మీదే ఉంచి, నేరుగా విషయంలోకి రండి:

“అందరికీ నమస్కారం. నయీంనగర్‌లో ఒక హాస్టల్ గదిని ఊహించుకోండి. ముగ్గురు ఉంటారు, ముగ్గురి పరుపులూ పల్చనివే. రాత్రి చదువుకోవడానికి నేల మీద కూర్చుంటారు. ప్లాస్టిక్ చాప అయితే జారుతుంది, ఎండకు పెళుసై విరుగుతుంది. అదే ఊళ్లో, ఆటోలో వెళ్లివచ్చేంత దూరంలో, కొత్తవాడలో మగ్గాల మీద నూలు జంపఖానాలు నేస్తున్నారు. ఈ జంపఖానాలకే, వరంగల్ దర్రీల పేరుతో, రెండు వేల పద్దెనిమిదిలో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అయినా ఆ గదిలోని ముగ్గురికీ వాటి సంగతి తెలియదు. మేము ఆరు రీల్స్ పెట్టి చూశాం. తొంభై రెండు మంది అడిగారు, ఇరవై ముగ్గురు కొన్నారు. మిగతా అరవై తొమ్మిది మంది ఎందుకు కొనలేదు? మా ప్రచారమంతా ఆ ప్రశ్న నుంచే పుట్టింది.”

ఇందులో కాకతీయులు లేరు, వేయిస్తంభాల గుడి లేదు. వరంగల్ వాళ్ల ముందే వరంగల్ చరిత్ర చెప్పడం వల్ల ఒరిగేదేమీ ఉండదు. చివరి ప్రశ్నను గమనించండి. ‘ఇప్పుడు మా మిత్రురాలు తరువాతి అంశం గురించి మాట్లాడుతుంది’ అన్న వాక్యం మీ స్క్రిప్ట్‌లో మూడుసార్లు ఉంది. మొదటివారు ప్రశ్నతో ముగించి, రెండోవారు దానికి సమాధానంతో మొదలుపెడితే ఆ వాక్యం అవసరమే ఉండదు, అతుకు కనిపించదు.

రెండోవారి భాగం రాయడానికి ముందు మీరు చేయవలసిన పని ఒకటుంది. ఆ 92 మంది వాట్సాప్ సంభాషణలను తెరిచి, కొనకుండా ఆగిపోయినవాళ్లు చివరగా అడిగింది ఏమిటో ఒక కాగితం మీద రాయండి. ఉతికితే రంగు దిగుతుందా, ఎంతసేపట్లో ఆరుతుంది, మంచం మీద సరిపోతుందా, హాస్టల్ దాకా తెచ్చిస్తారా, ధర తగ్గదా: ఇట్లాంటివే ఉంటాయి. ఏది ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టండి. మీ స్క్రిప్ట్‌లో ‘ఆకర్షణీయమైన, వినూత్నమైన కంటెంట్ రూపొందిస్తాం’ అని రాశారు. ఆ మాట ఏ వస్తువుకైనా సరిపోతుంది కాబట్టి జంపఖానా గురించి ఏమీ చెప్పదు. ఎక్కువగా వచ్చిన మూడు ప్రశ్నలే మీ రీల్స్‌కు మూడు రకాలు కావాలి. ఆ భాగం ఇట్లా ఉండవచ్చు. రంగు, కొలత, తెచ్చివ్వడం అన్నవి నా ఊహ మాత్రమే, మీ చాట్లు ఏమి చెబితే అవి పెట్టుకోండి:

“ఎందుకు కొనలేదో వాళ్లే మాకు రాశారు. ఒకరు ఇట్లా అడిగారు: ‘అన్నా, ఉతికితే రంగు పోతదా?’ ఇంకొకరు: ‘మా హాస్టల్ గేటు దాకా తెచ్చిస్తరా?’ మేము వాళ్లకు మాటల్లో జవాబిచ్చాం, చూపించలేదు. రాబోయే ఆరు వారాల్లో ప్రతి సోమవారం ఒక రీల్ మగ్గం దగ్గర తీస్తాం. ఎందుకంటే మా ఆరింటిలో ఎక్కువ మంది చూసింది అదే. ప్రతి గురువారం ఒక రీల్ అడిగిన ప్రశ్నకు జవాబు. తెల్ల బకెట్‌లో జంపఖానా నానబెట్టి, అరగంట తరువాత ఆ నీళ్లను చూపిస్తాం. హాస్టల్ మంచం మీద పరిచి, ఎంత మిగిలిందో టేపుతో కొలిచి చూపిస్తాం.”

మీ మాటలు ఏవైనా, బకెట్ నీళ్లను ముందే ఒకసారి ఇంట్లో పరీక్షించుకోండి. ముదురు ఎరుపు, నలుపు రంగులు మొదటి ఉతుకులో కొంత దిగవచ్చు. దిగితే దాచకండి, ‘మొదటిసారి విడిగా ఉతకండి’ అని రీల్‌లోనే చెప్పండి. దాచిన సంగతి కొన్న వారం తరువాత కామెంట్లలో బయటపడుతుంది.

రీల్స్ వెనుక సినిమా పాట పెడతామని రాశారు. ఇన్‌స్టాగ్రామ్‌లో బిజినెస్ ఖాతాలకు పాటల లైబ్రరీ పరిమితంగానే దొరుకుతుంది. అమ్మకం కోసం వాడే వీడియోలో అనుమతి లేని పాట ఉంటే శబ్దం తీసేయవచ్చు, వీడియోనే తొలగించవచ్చు. మగ్గం చప్పుడు రికార్డు చేసుకుంటే ఖర్చు లేదు, అనుమతి అక్కర్లేదు. నా అభిప్రాయంలో పాట కంటే అదే బాగుంటుంది. నేతన్నను చిత్రీకరించేటప్పుడు మాత్రం వీడియో ఎక్కడ పెడతారో, ఎందుకు పెడతారో చెప్పి ఒప్పుకోలు తీసుకోండి. ప్రసంగంలో దీనికి ఒక్క వాక్యం చాలు.

ఏ రీల్ వల్ల ఎవరు అడిగారో ఎట్లా తెలుసుకుంటారన్నది మీ స్క్రిప్ట్‌లో అసలు లేదు. ఇది లేకపోతే మూడోవారి లెక్కకు ఆధారం ఉండదు. వాట్సాప్‌లో నేరుగా సంభాషణ తెరిచే లింకును ఇట్లా రాస్తారు:

```
https://wa.me/91XXXXXXXXXX?text=H1
```

ఎక్స్‌ల స్థానంలో మీ నంబరు పెట్టాలి. ఈ లింకు నొక్కినవారికి మెసేజ్ పెట్టెలో H1 అని ముందే పడి ఉంటుంది, వాళ్లు పంపితే చాలు, మొదటి హాస్టల్ పోస్టర్ నుంచి వచ్చారని మీకు తెలుస్తుంది. రెండో హాస్టల్ పోస్టర్ క్యూఆర్ కోడ్‌లో H2, ఇన్‌స్టాగ్రామ్ బయోలో B1, యాడ్‌లో A1 పెట్టుకోండి. రీల్ కింద వ్యాఖ్యలో రాసిన లింకు నొక్కడానికి పనిచేయదు కాబట్టి, ఒక్కో రీల్‌కు ఒక్కో మాట పెట్టి ‘వాట్సాప్‌లో మగ్గం అని పంపండి’, ‘బకెట్ అని పంపండి’ అని చెప్పించండి. కొందరు ఆ అక్షరాలు చెరిపేసి ‘హాయ్’ అని పంపుతారు, కొందరు స్నేహితుడి ఫోన్‌లో చూసి వస్తారు. అట్లాంటివారిని ‘ఎక్కడ చూశారు?’ అని అడిగి, వాట్సాప్ బిజినెస్‌లో ఉండే లేబుల్ తగిలించండి. అయినా కొంత మంది ఎక్కడి నుంచి వచ్చారో తెలియదు. ఆ ‘తెలియనివారి’ వరుసను పట్టికలో దాచకుండా ఉంచితే మిగతా వరుసలను నమ్ముతారు. వ్యూస్ అంటే చూసిన సార్ల లెక్క, రీచ్ అంటే చూసిన ఖాతాల లెక్క అన్న తేడా కూడా మూడోవారికి తెలిసి ఉండాలి. మీ 83 వ్యూస్‌కు ఒకరు అన్న నిష్పత్తిని ‘83 మందిలో ఒకరు’ అని చెబితే తప్పవుతుంది.

మూడోవారి భాగంలో మాటలు తక్కువ, ఆగడాలు ఎక్కువ ఉండాలి. ఒక్క స్లైడ్ చాలు, దాని మీద నాలుగు అంకెలు పై నుంచి కిందికి: 83 వ్యూస్‌కు ఒక ప్రశ్న, నాలుగు ప్రశ్నలకు ఒక అమ్మకం, అమ్మకానికి 190 మిగులు, ప్రశ్నకు 47 రూపాయల 50 పైసల హద్దు. ఇట్లా చెప్పవచ్చు:

“మా దగ్గర ఉన్నవి మా సొంత అంకెలే. ఎనభై మూడు వ్యూస్‌కు ఒకరు అడుగుతున్నారు. అడిగిన నలుగురిలో ఒకరు కొంటున్నారు. కొన్న ప్రతి జంపఖానా మీద మాకు నూట తొంభై రూపాయలు మిగులుతుంది. ఆ నూట తొంభైని అడిగిన ఆ నలుగురికి పంచితే ఒక్కొక్కరికి నలభై ఏడున్నర. కాబట్టి ఒకరు మమ్మల్ని అడిగేలా చేయడానికి యాడ్ మీద అంతకు మించి ఖర్చు పెట్టం. పన్నెండు రీల్స్ నుంచి పాతిక అమ్మకాలు వస్తాయని మా అంచనా. ఇందులో మగ్గం రీల్‌కు వచ్చినన్ని వ్యూస్ మళ్లీ వస్తాయని అనుకోలేదు. మూడు వేల రెండు వందల రూపాయల యాడ్ నుంచి ఇంకో ఇరవై. మొత్తం నలభై ఐదు.”

‘అనుకోలేదు’ అన్న ఆ వాక్యం చిన్నదే అయినా తప్పక ఉంచండి. మీ 7,600 వ్యూస్‌లో సగానికి పైగా ఒక్క రీల్‌వే. ఆ సంగతి మీరు చెప్పకముందే వాళ్లు అడిగితే, దాచారని అనుకుంటారు. యాడ్ గురించి మూడోవారు ఇంకొకటి తెలుసుకుని ఉండాలి, ప్రసంగంలో చెప్పనవసరం లేదు. ఒక యాడ్ సెట్‌కు వారంలో సుమారు 50 ఫలితాలు వస్తేనే అది ఎవరికి చూపాలో ‘నేర్చుకునే దశ’ దాటుతుందని ఇన్‌స్టాగ్రామ్‌ను నడిపే మెటా చెబుతుంది. మీ డబ్బుతో 80 మందికి మించి రారు. కాబట్టి నాలుగు రకాల యాడ్స్ వేసి పోల్చి చూస్తామని స్క్రిప్ట్‌లో రాసినదాన్ని తీసేసి, ఎక్కువమంది చూసిన ఒక్క రీల్‌నే, హనుమకొండ, వరంగల్, కాజీపేట పరిధిలో, రెండు వారాల్లో నడపండి. ఆరు వారాలకు పలుచగా పరిస్తే ఏదీ తేలదు. ఆ రెండు వారాలు కొత్త అడ్మిషన్లు జరిగి హాస్టళ్లు నిండే రోజులైతే మంచిది, పరీక్షలు ముగిసి గదులు ఖాళీ చేసే రోజులైతే డబ్బు దండగ.

నాలుగోవారి భాగం మీ ప్రసంగానికంతటికీ ముఖ్యమైనది. దీన్ని నేను దాదాపు పూర్తిగా రాసి ఇస్తున్నాను:

“మేము అడుగుతున్నది ఐదు వేల రూపాయలు. మూడు వేల రెండు వందలు యాడ్‌కు, పద్దెనిమిది వందలు నమూనా జంపఖానాలకు, పోస్టర్లకు, చిత్రీకరణకు. ఆరు వారాల్లో నలభై ఐదు జంపఖానాలు అమ్మి ఎనిమిది వేల ఐదు వందల యాభై రూపాయలు మిగులుస్తాం. యాడ్ మీద మొదటి ఆరు వందలు ఖర్చయ్యేసరికి కనీసం పదమూడు మంది అడగకపోతే, ఆ రోజే యాడ్ ఆపేసి మిగిలిన రెండు వేల ఆరు వందలు మీకు తిరిగి అప్పగిస్తాం. అప్పుడు కూడా రీల్స్ నుంచి పాతిక అమ్మకాలు వస్తాయి, పెట్టిన ఖర్చు దాటుతుంది. ప్రతి శనివారం ఎంతమంది చూశారు, ఎంతమంది అడిగారు, ఎంతమంది కొన్నారు అన్న మూడు అంకెలు మీకు పంపుతాం. మా ప్రశ్న ఒకటే: ఈ ఐదు వేలు మంజూరు చేస్తారా?”

పదమూడు ఎందుకంటే 600ను 13తో భాగిస్తే 46 రూపాయల చిల్లర వస్తుంది, అది హద్దు లోపలే. పన్నెండు మందే అడిగితే 50 అవుతుంది, హద్దు దాటుతుంది. ఈ ఆపుదల షరతు లేని పిచ్‌లనే విద్యార్థుల నుంచి ఎక్కువగా విన్నాను. దాన్ని ముందే ఒప్పుకునేవారికి డబ్బు ఇవ్వడానికి ఎవరికీ పెద్దగా భయం ఉండదు. ప్రశ్న అడిగాక ‘ధన్యవాదాలు’ తప్ప ఏమీ కలపకండి. నలుగురూ కలిసి నినాదం చెబుతామని రాశారు, దయచేసి వద్దు.

భాష విషయంలో సెల్ నిబంధన ఏదైనా ఉంటే దాన్నే పాటించండి. లేకపోతే తెలుగులోనే మాట్లాడండి, స్లైడ్ల మీద కూడా తెలుగే ఉంచండి. రీల్, యాడ్, ఫాలోవర్ లాంటి మాటలను అట్లాగే వాడుకోవచ్చు, వాటికి తెలుగు వెతకనవసరం లేదు. ఇద్దరు తెలుగులో, ఇద్దరు ఇంగ్లీషులో మాట్లాడటం మాత్రం చేయకండి. కొనేవాళ్ల మెసేజ్‌లను వాళ్లు రాసిన తెలంగాణ మాటల్లోనే చదవండి, సరిదిద్దకండి. వాళ్ల పేరు, నంబరు స్లైడ్ మీద కనబడకుండా చెరిపేయండి.

సాధనకు కూర్చోకండి, నిలబడండి. నలుగురూ, స్లైడ్లతో సహా, ఫోన్‌లో గడియారం పెట్టుకుని చేయండి. మొదటివారు రెండో నిమిషానికి, రెండోవారు ఐదో నిమిషానికి, మూడోవారు ఏడున్నరకు ముగించాలి. ఆలస్యమైతే వదిలేయదగిన వాక్యాల కింద ముందే గీత పెట్టుకోండి. ఆ గీతలు రెండోవారి కాగితం మీదే ఎక్కువ ఉండాలి, మూడు, నాలుగో కాగితాల మీద ఒక్కటీ ఉండకూడదు. మీరు చూపించబోయే మగ్గం రీల్‌ను ల్యాప్‌టాప్‌లోకి దింపుకోండి, కాలేజీ నెట్‌ను నమ్ముకోకండి. శబ్దం రాకపోతే వీడియో ఆపి కేబుల్ కోసం వెతకకుండా, మూగగా నడవనిచ్చి దాని మీదే మాట్లాడేలా రెండోవారు సిద్ధంగా ఉండాలి.

ప్రశ్నల సమయంలో మూడు సంగతులు తప్పక వస్తాయని అనుకుంటున్నాను. భౌగోళిక గుర్తింపు ముద్రను మీ ప్యాకెట్ మీద వేస్తారా అని అడుగుతారు. వరంగల్ దర్రీలకు గుర్తింపు ఉన్నంత మాత్రాన ఎవరైనా ఆ ముద్ర వేసుకోవచ్చని కాదు, 1999 నాటి భౌగోళిక గుర్తింపుల చట్టం ప్రకారం అధీకృత వినియోగదారుగా నమోదైనవారికే ఆ హక్కు. మీరు కొనే నేతన్న లేదా సొసైటీ నమోదైందో లేదో అడిగి తెలుసుకుని వెళ్లండి. లేకపోతే ‘ముద్ర వాడటం లేదు’ అని చెప్పండి. రెండోది, కాలేజీలో పేరున్న ఇన్‌స్టాగ్రామర్లకు ఉచితంగా జంపఖానా ఇచ్చి వీడియో చేయిస్తామని మీ స్క్రిప్ట్‌లో ఉన్న మాట గురించి. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం, డబ్బే కాదు, ఉచితంగా వస్తువు తీసుకున్నా ఆ సంగతి వీడియోలో స్పష్టంగా కనిపించేలా చెప్పాలి. అది చెప్పించగలిగితేనే ఆ మాట ఉంచండి.

మూడో ప్రశ్న కష్టమైనది: ఆరు వారాల్లో నలభై ఐదు కావాలంటే ఎవరు నేసి ఇస్తారు? దీనికి స్క్రిప్ట్‌లో మాట లేదు, ప్రచారంలోనూ జవాబు దొరకదు. వచ్చే ఆదివారమే కొత్తవాడ వెళ్లి, వారానికి ఎన్ని ఇవ్వగలరో, నూలు ధర పెరిగితే 420 నిలుస్తుందో లేదో నేతన్నను అడగండి. వారానికి ఐదే ఇవ్వగలమంటే మీ అంకె 45 కాదు, 30. అప్పుడు యాడ్ ఖర్చును 800కు తగ్గించుకుని, మూడో, నాలుగో భాగాల్లోని అంకెలన్నీ మళ్లీ రాసుకుని, సాధనకు ఆ తరువాతే నిలబడండి.